ట్యాంకులో పడిన ఒక్కరి కోసం మిగతావాళ్లు ఎందుకు చనిపోతున్నారు?

2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలోని ఒక వంటనూనెల ఫ్యాక్టరీలో ఏడుగురు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. నూనె ట్యాంకును శుభ్రం చేయడం వాళ్ల పని. వారిలో ఐదుగురు పాడేరు వైపు నుంచి కూలి కోసం వచ్చినవాళ్లు. ఏడుగురూ ఒక్కసారే పడిపోలేదు, ఒకరి వెనుక ఒకరు దిగారు. లోపల పడిపోయినవాడిని బయటికి తీద్దామని దిగినవాడు కూడా అక్కడే కూలిపోయాడు.

ఇలా జరగడం అదే మొదటిసారి కాదు. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక కోళ్ల హేచరీలో మురుగు ట్యాంకు శుభ్రం చేస్తూ ఏడుగురు పోయారు. 2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లో మ్యాన్‌హోల్ దగ్గర నలుగురు చనిపోయారు. ఆ నలుగురిలో ఒకాయనకు అసలు ఆ పనితో సంబంధమే లేదు. దారిన పోతున్న క్యాబ్ డ్రైవర్. లోపల మనుషులు పడిపోయారని తెలిసి బండి ఆపి సాయానికి వచ్చాడు.

అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లోనే ఇలాంటి మరణాలను లెక్కగట్టి ఒక మాట చెప్పింది. మూసి ఉన్న చోట్లలో చనిపోయేవారిలో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవాళ్లేనని. అంటే ప్రమాదాన్ని పెద్దది చేస్తున్నది మొదటి మనిషి కాదు, రెండో మనిషి. కన్‌ఫైన్డ్ స్పేస్ పని చుట్టూ ఉన్న నియమాలన్నీ, పర్మిట్ కాగితం నుంచి గ్యాస్ మీటర్ దాకా, బయట నిలబడే కాపలా మనిషి దాకా, ఆ రెండో మనిషిని ఆపడం కోసమే ఉన్నాయి.

చట్టం చెప్పింది రెండే మాటలు

ఆ రోజుకి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 36 ఈ సంగతి గురించే. ట్యాంకు, గొయ్యి, పైపు, పొగ గొట్టం లాంటి మూసి ఉన్న చోట ప్రమాదకరమైన గ్యాస్ ఉండే అవకాశం ఉంటే, దాన్ని బయటికి పంపడానికి చేయగలిగిందంతా ముందు చేయాలి. ఆ తర్వాత కూడా రెండింటిలో ఒకటి ఉంటేనే మనిషిని దించాలి. ఒకటి, అర్హత ఉన్న వ్యక్తి స్వయంగా టెస్ట్ చేసి, లోపల గ్యాస్ లేదని రాసి ఇచ్చిన సర్టిఫికెట్. అది లేకపోతే రెండోది: దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకి బెల్టు, ఆ బెల్టుకి తాడు ఉండాలి. తాడు రెండో కొసను బయట ఉన్న మనిషి పట్టుకోవాలి.

ఆయిల్ రిఫైనరీలు, పెద్ద కెమికల్ ఫ్యాక్టరీలు ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవు, రెండూ కలిపి వాడతాయి. టెస్టూ చేస్తారు, తాడూ కడతారు, బయట మనిషినీ పెడతారు. ఆ ఏర్పాటంతా ఒక కాగితం మీద రాస్తే అదే కన్‌ఫైన్డ్ స్పేస్ ఎంట్రీ పర్మిట్. సౌదీలో జుబైల్, యాన్బు, ఖతర్‌లో రాస్ లఫాన్, ఎమిరేట్స్‌లో రువైస్ వైపు షట్‌డౌన్ పనులకు వెళ్లొచ్చినవాళ్లకు ఈ కాగితం కొత్త కాదు. ట్యాంకు మూతి దగ్గర కూర్చునే మనిషిని అక్కడ ‘హోల్ వాచ్’ అంటారు. హైదరాబాద్, కర్నూలు, కడప నుంచి వెళ్లిన కుర్రాళ్లకు చాలాసార్లు మొదట దొరికే డ్యూటీ కూడా అదే. కూర్చునే పనే కదా, ఈజీ డ్యూటీ అని ఇంటికి ఫోన్ చేసి చెబుతారు. అది ఎంత ఈజీయో చూడాలంటే ఒక ట్యాంకును తీసుకుని మొదటి నుంచి నడవాలి.

ట్యాంకు మూత తీసిన తర్వాత

ఆరు మీటర్ల లోతున్న నూనె ట్యాంకు అనుకుందాం. నూనె ఖాళీ చేశారు. అడుగున జానెడు మడ్డి మిగిలింది. నెలల తరబడి మూసి ఉండటం వల్ల ఆ మడ్డి పులిసింది. పులిసే పదార్థం లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, కుళ్లిన కొద్దీ హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా పుట్టిస్తుంది. పైనుంచి టార్చ్ వేసి చూస్తే మాత్రం ఏమీ కనపడదు. ఖాళీ ట్యాంకే.

మొదటి పని ట్యాంకును మిగతా ప్లాంటు నుంచి విడగొట్టడం. వాల్వ్ కట్టేస్తే విడగొట్టినట్టు కాదు. వాల్వ్ లీక్ కావచ్చు, సంగతి తెలియని ఇంకో షిఫ్టువాడు వచ్చి తిప్పేయవచ్చు. అందుకే పైపు జాయింటు విప్పి మధ్యలో ఇనుప బిళ్ల బిగిస్తారు. మోటారు కరెంటు తీసి తాళం వేస్తారు. ఆ తాళం చెవి లోపలికి దిగేవాళ్ల దగ్గరే ఉంటుంది. ఈ పనులు అయ్యాయని సంబంధిత మనిషి పర్మిట్ మీద సంతకం పెట్టాలి. ఆ తర్వాతే మీటర్.

మీటర్‌లో ముందు ఏది చూడాలి?

ఎక్కువగా వాడే నాలుగు గ్యాస్‌ల మీటర్ తెర మీద `O2`, `LEL`, `H2S`, `CO` అని నాలుగు అంకెలు కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి వస్తాయి. అయినా చదవడానికి ఒక వరస ఉంది. ముందు ఆక్సిజన్, తర్వాత మండే గ్యాస్, చివరికి విష వాయువులు. అమెరికా కార్మిక భద్రతా నియమాల్లో ఈ వరస రాసిపెట్టి ఉంది, గల్ఫ్ కంపెనీల్లోనూ ఇదే నడుస్తుంది. ఈ వరస ఊరికే పెట్టింది కాదు.

మండే గ్యాస్‌ను కొలిచే సెన్సర్ చాలా మీటర్లలో ఒక చిన్న వేడి పూస. గ్యాస్ ఆ పూస మీద కాలుతుంది, ఆ వేడిని బట్టి అంకె వస్తుంది. కాలడానికి ఆక్సిజన్ కావాలి. లోపల ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటే గ్యాస్ నిండుగా ఉన్నా పూస సరిగా కాలదు, అంకె తక్కువ చూపిస్తుంది, ఒక్కోసారి సున్నాయే చూపిస్తుంది. అంటే ఆక్సిజన్ అంకె చూడకుండా `LEL` సున్నాను నమ్మితే మోసపోయినట్టే. ఆక్సిజన్ 19.5కి, 23.5కి మధ్య ఉండాలి. 19.5 కంటే తక్కువైతే ఊపిరికి ప్రమాదం. 23.5 దాటితే బట్టలు, నూనె మరకలు కూడా భగ్గున అంటుకుంటాయి.

రెండోది మండే గ్యాస్. గాలిలో ఎంత కలిస్తే అంటుకోవడం మొదలవుతుందో ఆ స్థాయిని మీటర్ నూరు శాతంగా తీసుకుంటుంది. దానిలో పదో వంతు, అంటే తెర మీద 10 కనిపిస్తే, మనిషి లోపల ఉండకూడదు. విషం కంటే దీన్ని ముందు చూడటానికి కారణం ఉంది. పేలుడు వస్తే తప్పించుకోవడానికి క్షణం కూడా దొరకదు.

మూడోది విషం. `LEL` సున్నా ఉంటే విషం కూడా లేనట్టే కదా అని కొందరు అనుకుంటారు. లెక్క చూస్తే భయం వేస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అంటుకోవాలంటే గాలిలో సుమారు 4 శాతం ఉండాలి, అంటే పది లక్షల భాగాల్లో 40,000. కానీ పది లక్షల్లో 100 భాగాలు ఉంటే చాలు, ప్రాణానికి వెంటనే ముప్పు. ఆ 100 భాగాలు మండే గ్యాస్ లెక్కలో పావు శాతం మాత్రమే, తెర మీద సున్నాగానే కనిపిస్తుంది. వాసన కూడా సాక్ష్యం కాదు. కుళ్లిన గుడ్ల వాసన కొద్దిపాటి గ్యాస్‌కే వస్తుంది. ఆ 100 చుట్టుపక్కలకు వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది. ‘ఇప్పుడు వాసన పోయింది, దిగొచ్చు’ అన్న మాట వెనుక ఎన్నో ప్రాణాలు పోయాయి.

మూతి దగ్గర మంచి గాలి, అడుగున చావు

టెస్ట్‌లో జరిగే పెద్ద తప్పు మీటర్‌ను మూతి దగ్గర పట్టుకుని చూసి సరే అనడం. మీథేన్ గాలి కంటే తేలిక, పైకి చేరుతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఇంచుమించు గాలి బరువే, అంతటా ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ బరువు, కిందికి దిగుతాయి. అందుకని మీటర్‌కి పంపు, గొట్టం తగిలించి బయట నుంచే పైన, మధ్యలో, అడుగున చూడాలి. దాదాపు నాలుగు అడుగులకు ఒకసారి ఆగాలన్నది లెక్క.

ఆగడం అంటే నిజంగా ఆగడమే. కింది గాలి గొట్టం గుండా మీటర్‌కి చేరడానికి మీటరు పొడవుకి సుమారు మూడు సెకన్లు. ఆరు మీటర్ల గొట్టానికి ఇరవై సెకన్లు అక్కడే పోతాయి. తర్వాత సెన్సర్ అంకె స్థిరపడటానికి ఇంకొంత సమయం, అది ఆ మీటర్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఐదు చోట్ల ఆగితే మొత్తం దాదాపు పది నిమిషాలు. కాబట్టి టెస్ట్ ఒక్క నిమిషంలో అయిపోయిందంటే, టెస్ట్ జరగలేదనే అర్థం. ఇది పక్కన నిలబడిన హెల్పర్ కూడా గుర్తుపట్టగలడు.

మన ట్యాంకులో మొదటి టెస్ట్ ఇలా వచ్చిందనుకుందాం. మూతి దగ్గర ఆక్సిజన్ 20.8, మిగతావి సున్నా. అడుగున ఆక్సిజన్ 17.2, మండే గ్యాస్ 4, హైడ్రోజన్ సల్ఫైడ్ 38. పైన చూసి సరే అన్నవాడు మనిషిని చావులోకి దించినట్టే. ఇక్కడ పర్మిట్ ఆగిపోవాలి. బ్లోయర్ పెట్టి, డక్టును అడుగు దాకా దించి గాలి ఆడించాలి. డక్టు మూతి దగ్గరే ఆపితే పై గాలే తిరుగుతుంది, అడుగు గాలి కదలదు.

గంట తర్వాత రెండో టెస్ట్. అడుగున ఆక్సిజన్ 20.4, మండే గ్యాస్ సున్నా, హైడ్రోజన్ సల్ఫైడ్ 2, కార్బన్ మోనాక్సైడ్ సున్నా. ఏ అలారమూ మోగలేదు. అన్నీ గీతల లోపలే ఉన్నాయి. సంతకం పెట్టొచ్చా?

అనుభవం ఉన్న టెస్టర్ ఇక్కడ పెన్ను పక్కన పెడతాడు. బయటి గాలిలో ఆక్సిజన్ 20.9 ఉంది. లోపల అర శాతం తక్కువ. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే కాబట్టి, అది అర శాతం తగ్గిందంటే మొత్తం గాలిలో సుమారు 2.4 శాతం చోటును వేరే ఏదో ఆక్రమించి ఉండొచ్చు. పది లక్షల్లో 24,000 భాగాలన్నమాట. అది హైడ్రోజన్ సల్ఫైడ్ కాదు, కార్బన్ మోనాక్సైడ్ కాదు, మీటర్ చెబుతూనే ఉంది. పులిసిన మడ్డి అయితే అనుమానం కార్బన్ డయాక్సైడ్ మీదికే పోవాలి. ఆ గ్యాస్‌ను మామూలు నాలుగు గ్యాస్‌ల మీటర్ కొలవదు. ఎనిమిది గంటల పనికి దాని హద్దు 5,000 భాగాలు. ఇక్కడ దానికి ఐదు రెట్లకు దగ్గరగా ఉండొచ్చు.

తుప్పు గానీ క్రిములు గానీ ఆక్సిజన్‌ను తినేసినా అంకె తగ్గుతుంది, అప్పుడు లెక్క వేరు. కానీ ఎందుకు తగ్గిందో తెలియకుండా సంతకం పెట్టకూడదు. గాలి ఇంకా ఆడించాలి, కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటర్ తెప్పించాలి. అంకె 20.9కి వచ్చి అక్కడే నిలబడితే అప్పుడు దిగాలి. దిగినవాడి ఛాతీ మీద కూడా మీటర్ ఆన్‌లో ఉండాలి. ఎందుకంటే మడ్డిని పారతో కదిపిన క్షణంలో లోపల దాక్కున్న గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది. పొద్దున చేసిన టెస్ట్ పొద్దున గాలికే సాక్ష్యం.

హోల్ వాచ్‌కి ఒక్కటే పని

ఇప్పుడు మూతి దగ్గర కూర్చున్న మనిషి దగ్గరికి వద్దాం. అతని చేతిలో ఉండాల్సినవి నాలుగు: లోపలికి వెళ్లినవాళ్ల పేర్ల పట్టిక, రెస్క్యూ టీమ్‌ను పిలిచే రేడియో, లోపలివాళ్లకు వినిపించే హారన్, వాళ్ల బెల్టులకు కట్టిన తాడు చుట్టిన వించ్. ఇవి లేకుండా మనిషిని దించితే అతను హోల్ వాచ్ కాదు, ఊరికే కూర్చున్న మనిషి.

పేర్ల పట్టికలో ఎవరు ఎన్నింటికి దిగారు, ఎన్నింటికి వచ్చారు అన్నది అప్పటికప్పుడు రాయాలి. ముగ్గురు దిగారు, ఒకరు నీళ్లకు బయటికొచ్చారు, మళ్లీ దిగారో లేదో గుర్తు లేదు. అలారం మోగిన రోజున ఈ ఒక్క సందేహం లేని మనిషి కోసం రెస్క్యూ టీమ్‌ను లోపలికి పంపిస్తుంది, లేదా ఉన్న మనిషిని లోపలే వదిలేస్తుంది.

లోపలివాళ్లతో మాట్లాడుతూనే ఉండాలి. ఊరికే ‘బాగున్నావా భాయ్’ అంటే ‘ఆ’ అని అలవాటుగా జవాబు వస్తుంది. ‘ఇప్పుడు ఏ మూల గీకుతున్నావ్, మీటర్‌లో ఆక్సిజన్ ఎంతుంది’ అని అడిగితే తెలిసిపోతుంది. ఆక్సిజన్ తగ్గినవాడి మాట ముద్దగా వస్తుంది, కారణం లేకుండా నవ్వుతాడు, చెప్పిందే చెబుతాడు, చెయ్యి సరిగా ఆడదు. తనకేదో అవుతోందని అతనికే తెలియదు. బయటివాడే కనిపెట్టాలి. అనుమానం వస్తే అందరినీ బయటికి రమ్మనే అధికారం హోల్ వాచ్‌కి ఉంది. సూపర్‌వైజర్‌ను అడగనక్కర్లేదు.

కష్టమైనది అక్కడి నుంచి కదలకపోవడం. సూపర్‌వైజర్ వస్తాడు. ‘రెండు నిమిషాల పనే భాయ్, స్టోర్ నుంచి ఆ స్పానర్ పట్టుకురా’ అంటాడు. జవాబు ఒక్కటే: ‘నా చోట ఇంకొకరిని కూర్చోబెట్టండి సార్, లేదంటే లోపలివాళ్లను పైకి పిలుస్తాను.’ నీళ్లకైనా, జొహర్ నమాజుకైనా ఇదే పద్ధతి. ట్రైనింగ్ ఉన్న ఇంకో మనిషి వచ్చి, పట్టిక చేతికి తీసుకుని, లోపల ఎంతమంది ఉన్నారో చూసుకున్నాకే ఇతను లేవాలి. ఎవరూ రాకపోతే ముందు లోపలివాళ్లు బయటికి రావాలి. ఫోన్ చూసుకోవడం కూడా చోటు వదిలినట్టే.

పడిపోయినప్పుడు

అసలు పరీక్ష లోపలివాడు పడిపోయిన క్షణంలో. ఆక్సిజన్ ఆరు శాతం కంటే కిందికి పోయిన చోట ఒకటి రెండు శ్వాసలకే స్పృహ తప్పవచ్చు. తాడు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగి లాక్కొస్తానని ఎవరైనా అనుకుంటే, డెబ్బై కిలోల బరువును ఎత్తేటప్పుడు ఒక్క శ్వాసైనా తీయకుండా ఉండలేరు. ముక్కుకి తడి గుడ్డ కట్టుకున్నా, దుమ్ము మాస్క్ పెట్టుకున్నా లేని ఆక్సిజన్ రాదు. ఫిల్టర్ మాస్క్ గాలిని వడకడుతుంది, గాలిని తయారు చేయదు. సిలిండర్ గానీ, బయటి నుంచి గాలి పంపే గొట్టం గానీ ఉన్న పరికరం ఒక్కటే పనికొస్తుంది.

కాబట్టి హోల్ వాచ్ చేయాల్సిన పనులు ఈ వరసలో ఉంటాయి. హారన్ మోగించి మిగతావాళ్లను బయటికి రమ్మనాలి. రేడియోలో రెస్క్యూ టీమ్‌కి చోటు, ఎంతమంది, ఏం జరిగిందో చెప్పాలి. బయట నుంచే వించ్ తిప్పి పడినవాడిని పైకి లాగాలి. సాయానికి పరుగెత్తుకొచ్చేవాళ్లను మూతి దగ్గరికి రానివ్వకూడదు. తాను దిగకూడదు. లోపల ఉన్నది తన ఊరివాడైనా, సొంత అన్న అయినా దిగకూడదు. రాయడానికి తేలికే, చేయడానికి గుండె రాయి చేసుకోవాలి. కానీ అతను దిగితే వించ్ తిప్పేవాడు ఉండడు, ఫోన్ చేసేవాడు ఉండడు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

తాడుకీ ఒక హద్దుంది. ట్యాంకు లోపల అడ్డ పలకలు, పైపులు ఉన్నా, మూతి పైన కాకుండా పక్కన ఉన్నా, తాడు చిక్కుకుని మనిషి రాడు. అలాంటి చోట వించ్‌ను నమ్ముకోకూడదు. శ్వాస పరికరాలతో రెస్క్యూ టీమ్ పని మొదలయ్యే ముందే అక్కడ సిద్ధంగా నిలబడి ఉండాలి. ఏ దారిన బయటికి తీస్తారన్నది పర్మిట్ మీద రాసి ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్నా, ‘108కి ఫోన్’ అని రాసి ఉన్నా ఆ పర్మిట్ పూర్తి కానట్టే. అంబులెన్స్ సిబ్బంది ట్యాంకులో దిగడానికి వచ్చేవాళ్లు కాదు.

పెద్ద రిఫైనరీల్లో ఇదంతా నడుస్తుంది, ఎందుకంటే పర్మిట్ లేకుండా మూత తీస్తే కాంట్రాక్టర్‌ను గేటు బయటికి పంపేస్తారు. మన ఊళ్ల నూనె మిల్లుల్లో, హేచరీల్లో, అపార్ట్‌మెంట్ల సెప్టిక్ ట్యాంకుల దగ్గర అడిగేవాడు ఉండడు. అక్కడ పని రోజు కూలికి ఒప్పుకున్నది, మీటర్ పేరు కూడా వినని మేస్త్రీ చేతిలో ఉంటుంది. అందుకే ఆ పనికి పోతున్న కొడుకునో తమ్ముడినో ఇంట్లోవాళ్లే మూడు ప్రశ్నలు అడగాలి. అడుగు దాకా గొట్టం దించి గాలిని టెస్ట్ చేశారా? నీ బెల్టుకి తాడు కట్టారా? ఆ తాడు బయటి కొస ఎవరి చేతిలో ఉంది? మూడింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ ట్యాంకులో దిగకూడదు. జవాబులన్నీ ఉండి, తాడు కొస పట్టుకున్న మనిషి మీవాడే అయితే అతనికి ఇంకో మాట చెప్పి పంపాలి. ఏం జరిగినా నువ్వు బయటే ఉండు, నువ్వు బయట ఉన్నంతసేపే లోపలివాడికి ఆశ ఉంటుంది అని.